ఆర్వో మెషీన్లకి ఏఎంసీ: రేటు మెషీన్‌ని చూసి కాదు, నీళ్లని చూసి చెప్పాలి

ప్రశ్న: అన్నా, కావలిలో ఇళ్ల ఆర్వో మెషీన్లు రిపేరు చేస్తుంటాను. ఎండాకాలం ఊపిరాడదు, వానలు పడితే వారానికి మూడు కాల్స్ కూడా రావు. ఒకసారి చేసిన ఇంటివాళ్లు మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలీదు. ఏఎంసీ, అంటే ఏడాది సర్వీసు కాంట్రాక్టు, పెడదామనుకుంటున్నా. అందరికీ ఏడాదికి 2,500 అని ఒకే రేటు పెడితే గిట్టుబాటు అవుతుందా? కాంట్రాక్టులో ఏమేం రాయాలి?

జవాబు:

తమ్ముడూ, ఒకే రేటు పెట్టొద్దు. 2,500కి కుళాయి నీళ్ల ఇంట్లో నీకు కాస్తో కూస్తో మిగులుతుంది, బోరు ఇంట్లో చేతి డబ్బు పోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఒకే రేటు అని తెలియగానే ముందు పరుగెత్తుకొచ్చేది ఎవరు? ఉప్పుని ఆపే మెంబ్రేన్‌ని ఏటా మార్చి మార్చి విసిగిపోయిన బోరు నీళ్ల ఇళ్లవాళ్లే. మంచి నీళ్లున్నవాళ్లకి మెషీన్ ఎలాగూ నడుస్తూనే ఉంటుంది, వాళ్లకి తొందర లేదు. అలా నీ పుస్తకంలో నష్టం వచ్చే ఇళ్లే ముందు నిండుతాయి. అందుకని రేటు చెప్పేముందు ఆ ఇంటి నీళ్లు కొలవాలి.

కొలతకి కావాల్సినవి రెండే: నీళ్లలో కరిగిన ఉప్పుని కొలిచే టీడీఎస్ మీటరు, మిల్లీలీటర్ల గీతలున్న లీటరు జాడీ. ముందు మెషీన్‌లోకి వచ్చే నీళ్ల టీడీఎస్ చూడు, తర్వాత మంచినీళ్ల టీడీఎస్ చూడు. మెంబ్రేన్ నుంచి ట్యాంకుకి వెళ్లే గొట్టం ఊడదీసి పట్టుకున్న నీళ్లే కొలవాలి. ట్యాంకులో నిన్నటి నీళ్లుంటాయి, వాటితో లెక్క తప్పుతుంది. తర్వాత అదే గొట్టం కింద జాడీ పెట్టి ఒక నిమిషంలో ఎన్ని మిల్లీలీటర్లు వచ్చాయో రాసుకో, వేస్ట్ గొట్టం కింద కూడా అలాగే ఒక నిమిషం పట్టు. ఈ నాలుగు అంకెలే నీ వ్యాపారానికి పెట్టుబడి. మామూలు 75 జీపీడీ, అంటే రోజుకి 75 గ్యాలన్ల మెంబ్రేన్ కొత్తగా ఉన్నప్పుడు నిమిషానికి 180 నుంచి 200 మిల్లీలీటర్ల దాకా ఇస్తుంది, వచ్చే ఉప్పులో నూటికి తొంభై పైనే ఆపుతుంది. వచ్చే నీళ్లు 1,150, బయటికి వచ్చేవి 62 అయితే నూటికి 94 పైగా ఆపుతున్నట్టు. అది 80కి దిగిందంటే మెంబ్రేన్ మార్చే రోజు దగ్గర పడ్డట్టే.

ఇక రేటు లెక్క. కింద వేసిన ధరలు లెక్క అర్థం కావడానికే, నువ్వు సామాను తెచ్చే కొట్టు ధరలు పెట్టుకుని మళ్లీ వేసుకో.

ముందు కుళాయి నీళ్ల ఇల్లు, టీడీఎస్ 400 అనుకుందాం. బయట బౌల్‌లో ఉండే క్యాండిల్ ఏడాదికి మూడు, ఒక్కోటి 70 చొప్పున 210. లోపలి సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్ల జత ఏడాదికి ఒకసారి, 300. మెంబ్రేన్ 1,200, రెండున్నరేళ్లు వస్తుందనుకుంటే ఏడాది వాటా 480. పంపు, అడాప్టర్, నీళ్లు ఆపే ఎస్‌వి వాల్వు ఒక్కోటి మూడు నాలుగేళ్లకోసారి పోతాయి కాబట్టి మూడూ కలిపి ఏడాదికి 400 వేసుకో. సామాను మొత్తం 1,390 అయింది. ఇంటికి వెళ్లి రావడం మూడు సార్లు మామూలు సర్వీసు, ఒకసారి అర్జెంటు పిలుపు, నాలుగు. ఒక్కోసారికి పెట్రోలు 40, నీ గంట సమయానికి 150 వేసుకుంటే 760. అంతా కలిపి 2,150. దాని మీద పావు వంతు వేసుకుంటే 2,650 చిల్లర దగ్గర తేలుతుంది. దీన్ని 2,650గా పెట్టు.

ఇప్పుడు అదే మెషీన్ 1,400 టీడీఎస్ బోరు ఇంట్లో ఉందనుకో. క్యాండిళ్లు నాలుగు, 280. జత రెండుసార్లు, 600. మెంబ్రేన్ ఏడాది తిరిగేసరికి పోతుంది, కాబట్టి పూర్తి 1,200. పంపు వాటా అదే 400. తిరగడం ఆరుసార్లు, 1,140. మొత్తం 3,620 నీ ఖర్చే. 2,500కి ఒప్పుకుంటే ఒక్క ఇంటి మీద 1,120 పోతుంది. అలాగని పావు వంతు కలిపి 4,525 అడిగితే ఎవరూ ఇవ్వరు.

బోరు ఇళ్లకి దారి ఏంటంటే మెంబ్రేన్‌ని కాంట్రాక్టులోంచి తీసేయడం. అది లేకపోతే ఖర్చు 2,420, రేటు 3,000 దగ్గర నిలుస్తుంది. మెంబ్రేన్ మార్చాల్సి వస్తే 1,400కి వేస్తానని ముందే కాగితం మీద రాసివ్వు. ఇంటివాళ్లకి భయం ఖర్చు గురించి కాదు, ఎంత అడుగుతాడో తెలియకపోవడం గురించి. రేటు ముందే రాసి ఉంటే ఆ భయం పోతుంది. నీకూ మెంబ్రేన్ ఎన్ని నెలలు బతుకుతుందన్న జూదం ఉండదు. మధ్యలో 600 నుంచి 1,000 టీడీఎస్ ఉన్న ఇళ్లకి పై రెండింట్లో ఏదిస్తావన్నది నీ నిర్ణయం. నన్నడిగితే మొదటి ఏడాది మెంబ్రేన్ లేకుండానే ఇవ్వు, నాలుగు విజిట్ల అంకెలు చేతికొచ్చాక రెండో ఏడాది కలుపుకో.

బోరు నీళ్లకి మెంబ్రేన్ ఎందుకు తొందరగా పోతుందో ఇంటివాళ్లకి రెండు ముక్కల్లో చెప్పగలిగి ఉండాలి. ఉప్పు పెరిగేకొద్దీ నీళ్లని మెంబ్రేన్ గుండా నెట్టడానికి ఎక్కువ ప్రెషర్ కావాలి, వెయ్యి టీడీఎస్‌కి దాదాపు 10, 11 పీఎస్ఐ ఆ ఉప్పుని నెగ్గడానికే పోతుంది. పైగా సున్నం ఉన్న నీళ్లు లోపల చిక్కబడ్డకొద్దీ గిన్నె అడుగున పట్టే తెల్ల పొరలాంటిదే మెంబ్రేన్ మీదా పడుతుంది. ఇక్కడ మన మెకానిక్కులు చేసే పొరపాటు ఒకటుంది. వేస్ట్ నీళ్లు ఎక్కువ పోతున్నాయని ఇంటివాళ్లు గొడవ పెడితే వేస్ట్ ధారని అదుపు చేసే 450 ఎఫ్ఆర్ తీసి 300ది వేస్తారు. కుళాయి నీళ్లకి పర్లేదు. బోరు నీళ్లకి అలా చేస్తే నెలల్లోనే పొర కట్టేస్తుంది, అది నీ కాంట్రాక్టు ఉన్నంతకాలం నీ నెత్తిన పడుతుంది. మంచినీళ్లు 180, వేస్ట్ 450 అంటే వచ్చిన నీళ్లలో నూటికి 28, 29 పాళ్లు మంచినీళ్లవుతున్నాయి. బోరు ఇంట్లో 30 దాటనివ్వొద్దు. వేస్ట్ నీళ్లు వాకిలి కడగడానికో, బాత్రూముకో పట్టుకోమని చెప్పు.

కుళాయి నీళ్లకి వేరే శత్రువు ఉంది, క్లోరిన్. కార్బన్ పని అయిపోయాక కూడా అలాగే వదిలేస్తే క్లోరిన్ నేరుగా మెంబ్రేన్‌కి తగిలి దాన్ని తినేస్తుంది. ఒక్కో పిలుపుకి డబ్బు తీసుకునేటప్పుడు కార్బన్ ఆలస్యమైతే నష్టం ఇంటివాళ్లది. మెంబ్రేన్ కలిపి కాంట్రాక్టు ఇచ్చాక నష్టం నీది. నూటయాభై రూపాయల కార్బన్ మిగిల్చి 1,200 మెంబ్రేన్ పోగొట్టుకోకు.

ఒక ఇల్లు తీసుకుని ఏడాది అంతా చూద్దాం. బోరు ఇల్లు, మెంబ్రేన్ లేని కాంట్రాక్టు. చేరిన రోజు లోపలికి 1,150, బయటికి 62, నిమిషానికి 180 మిల్లీలీటర్లు. మూడో నెల వెళ్తే బయటికి 64, కానీ నిమిషానికి 135. టీడీఎస్ కదల్లేదు, ధార తగ్గింది. అంటే మెంబ్రేన్ బాగానే ఉంది, దానికి నీళ్లే సరిగా అందట్లేదు. క్యాండిల్ తీస్తే ఎర్రమట్టి రంగులో బరువుగా ఉంటుంది. మార్చాక 175 వచ్చిందంటే తేలిపోయింది. రాకపోతే లోపలి జత, అదీ కాకపోతే పంపు చూడాలి. ఎనిమిదో నెల వెళ్తే బయటికి 140, నిమిషానికి 120. ఉప్పు పెరిగింది, ధారా తగ్గింది, జత మార్చినా లేవలేదు. ఇది సున్నం పొర. ఇంకో నాలుగైదు నెలల్లో మెంబ్రేన్ మార్చాల్సి వస్తుందని ఆ రోజే కార్డు మీద రాసి చెప్పు. మూడో రకం కూడా ఉంది: ఉప్పు పెరిగి, ధార కూడా పెరగడం. అప్పుడు మెంబ్రేన్ చిరిగిందో, క్లోరిన్ తినేసిందో, దాని మెడ దగ్గర రబ్బరు రింగు పక్కనుంచి నీళ్లు జారుతున్నాయో. ముందు రింగు చూడు, పది రూపాయల రింగు కోసం మెంబ్రేన్ మార్చిన వాళ్లున్నారు.

అంకెలు పోల్చేటప్పుడు కాలం మర్చిపోవద్దు. నీళ్లు చల్లబడితే ధార తగ్గుతుంది, ఒక్కో డిగ్రీకి నూటికి మూడు చొప్పున అనుకో. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లతో 180 వచ్చిన మెషీన్ డిసెంబరు పొద్దున 140 చూపిస్తే అది రోగం కాదు. కార్డు మీద తేదీ పక్కన పొద్దునో మధ్యాహ్నమో కూడా రాయి.

దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఇళ్లు కూడా చూడాలనుకుంటే ఒక్క మాట గట్టిగా పట్టించుకో. అక్కడి బోర్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ని విడిగా చూపించదు. నీళ్ల టీడీఎస్ 700 ఉండి తాగడానికి రుచిగానే ఉండొచ్చు, ఫ్లోరైడ్ మాత్రం లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటి ఉండొచ్చు. తాగునీటి ప్రమాణంలో 1 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా అన్నారు. చాలా మెషీన్లలో రుచి కోసమని పచ్చినీళ్లు కొంచెం కలిపే చిన్న స్క్రూ ఉంటుంది, టీడీఎస్ కంట్రోలర్ అంటారు. ఫ్లోరైడ్ ఊళ్లలో అది తెరిచి ఉంటే వడకట్టని ఫ్లోరైడ్ నేరుగా గ్లాసులోకి వెళ్తుంది. మొదటి రోజే దాన్ని పూర్తిగా మూసి, మూసినట్టు కార్డు మీద రాయి. చప్పగా ఉన్నాయని అడిగినా తెరవొద్దు, ఎందుకో చెప్పు. ఆ ఊళ్లలో మెంబ్రేన్ నూటికి 80 దాకా దిగేదాకా ఆగకుండా 85 దగ్గరే మార్చడం మంచిది, ఎందుకంటే ఉప్పుతో పాటు ఫ్లోరైడూ జారుతుంది. ఏడాదికి ఒకసారి బయటికి వచ్చే నీళ్లు ల్యాబులో ఫ్లోరైడ్ పరీక్ష చేయించి, ఆ ఖర్చు రేటులోనే కలుపుకో.

ఇక కాంట్రాక్టు ఎప్పుడు అడగాలి? ఫోన్లో కాదు, వాట్సాప్‌లో పోస్టరు పెట్టి కాదు. రిపేరు అయిపోయి, మెషీన్ నడుస్తున్నప్పుడు, బిల్లు తీసుకోకముందు. తీసిన పాత క్యాండిల్‌ని బ్లేడుతో నిలువునా కోసి పళ్లెంలో పెట్టి చూపించు. పైన మట్టి, లోపలికి పోయేకొద్దీ రంగు ఎంతదాకా దిగిందో వాళ్లే చూస్తారు. పక్కనే ఆ రోజు నాలుగు అంకెలు రాసిన కార్డు పెట్టు. "అమ్మా, ఇది మూడు నెలలకోసారి మారాలి. ఈసారి పదకొండు నెలలు ఉంది, అందుకే పంపు ఒత్తిడి పడి పోయింది. ఏడాదికి ఇంత ఇస్తే నేనే గుర్తుపెట్టుకుని వస్తాను" అంటే చాలు. ఆ రోజే చేరితే ఆ రోజు సర్వీసు చార్జీ 300 రేటులోంచి తగ్గిస్తానని చెప్పు. సామాను డబ్బు మాత్రం తగ్గించకు.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. పాడైన మెషీన్‌ని అలాగే కాంట్రాక్టులోకి తీసుకుని, మొదటి రోజే జత, క్యాండిల్, అడాప్టర్ అన్నీ కాంట్రాక్టు లెక్కలో మారుస్తారు. ఇంటివాళ్లు సగం డబ్బే కట్టి ఉంటారు, మెషీన్ కొత్తగా అయిపోతుంది, రెండో సగం అడిగితే తలుపు తీయరు. ముందు రిపేరు బిల్లు వేసి మెషీన్‌ని నిలబెట్టు, నిలబడ్డ మెషీన్‌కి కాంట్రాక్టు ఇవ్వు. డబ్బు రెండు విడతలుగా తీసుకోవాల్సి వస్తే చేరిన రోజు మూడింట రెండు వంతులు, మిగిలింది రెండో సర్వీసు రోజు మెషీన్ విప్పకముందు తీసుకో.

కాగితం ఒక పేజీ చాలు, కానీ తెలుగులో ఉండాలి, పెద్దావిడ చదివినా అర్థం కావాలి. ఎన్ని సర్వీసులు, ఏ నెలల్లో, ఏ సామాను పేరు పేరునా ఎన్నిసార్లు, పిలిస్తే ఎంతసేపట్లో వస్తావు, అర్జెంటు పిలుపులు ఏడాదికి ఎన్ని, ఇవి రాయి. "అన్నీ ఫ్రీ" అన్న మాట ఎక్కడా వద్దు. కాంట్రాక్టు కిందికి రానివి కూడా విడిగా రాయాలి: ఎలుక కొరికిన గొట్టాలు, కరెంటు ఎక్కువ తక్కువలై కాలిన అడాప్టరు, విరిగిన టాపు, ట్యాంకు పగుళ్లు, ఇల్లు మారితే మెషీన్ ఊడదీసి బిగించడం. ఎలుకల సంగతి చిన్నదిగా అనిపిస్తుంది కానీ వంటింటి గట్టు కింద పెట్టిన క్యాండిల్ గొట్టం కొరికితే ఇల్లంతా నీళ్లవుతాయి, ఆ గొడవ నీ మీదికే వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన షరతు నీళ్ల గురించి. ఎండాకాలం కుళాయి రాని వారాల్లో బోరు కలుపుతారు, లేదా ట్యాంకరు తోలించుకుంటారు. 400 టీడీఎస్ అనుకుని మెంబ్రేన్ కలిపి ఇచ్చిన ఇంట్లో 1,600 నీళ్లు పారతాయి. కాబట్టి ఈ మాట ఇలాగే రాసుకో: "ఈ రేటు ఇంట్లోకి వచ్చే నీళ్ల టీడీఎస్ 600 లోపు ఉన్నంతవరకే. ఏ సర్వీసులోనైనా అది 600 దాటితే మెంబ్రేన్ ఈ కాంట్రాక్టు కిందికి రాదు, 1,400కి మార్చబడుతుంది." కింద ఆ రోజు అంకె, వాళ్ల సంతకం. మే నెలలో ఒక విజిట్ తప్పకుండా ఉండేలా చూసుకో, ఈ మార్పు పట్టుబడేది అప్పుడే.

జీఎస్టీ గురించి: సేవల మీద ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటనంతవరకు నీకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ వేయొద్దు.

డబ్బు చేతికొచ్చాక జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. చేరిన రోజు వచ్చిన 2,650 నీ ఆదాయం కాదు, అందులో 1,390 ఇంకా కొనని సామాను. దాన్ని వేరే బ్యాంకు ఖాతాలో వేసి సామాను కొనేటప్పుడే తీయి. మిగిలిన 1,260ని పన్నెండు నెలలకి పంచుకో. ఇలాంటి ఇళ్లు 50 ఉంటే నెలకి 5,250 వస్తుంది, దాంతో ఇల్లు గడవదు. 150 అయితే నెలకి 15,750, పెట్రోలు రెండు వేలు పోను 13,750. అప్పుడు వానాకాలం భయం లేదు, మామూలు రిపేర్లు దీనికి పైన. 150 ఇళ్లకి ఏడాదికి 600 విజిట్లు, నెలకి 50, రోజుకి రెండు. ఒక్కడివే చేయగలవు. కానీ అవి రోజుకి రెండుగా పడాలంటే నువ్వే సర్దాలి. ఏప్రిల్‌లో 40 మంది చేరితే వాళ్లందరి సర్వీసులూ ఒకే నెలల్లో పడి, సరిగ్గా రిపేర్లు మీద పడే రోజుల్లో నిన్ను తొక్కేస్తాయి. చేరిన నెల ఏదైనా మామూలు సర్వీసుల్ని ఒక నెల అటూ ఇటూ జరుపు, వీధి వారీగా ఒక్కరోజు పెట్టుకో. మే విజిట్‌ని మాత్రం అంకెలు కొలిచి క్యాండిల్ మార్చే పావుగంట పనిగా ఉంచి, జత మార్చడం లాంటి పెద్ద పనులు జులై నుంచి నవంబరు లోపు పెట్టుకో. నీకు ఖాళీగా ఉండేది అప్పుడే.

రెన్యూవల్‌కి ఏడాది అయ్యాక ఫోన్ చేసి డబ్బు అడిగితే సగం మంది "చూద్దాం" అంటారు. ఆఖరి సర్వీసు పదకొండో నెలలో పెట్టు, మెషీన్ తలుపు లోపల అంటించిన కార్డు తీసి ఏడాది అంకెలన్నీ వరసగా చూపించు. మార్చిన ప్రతి ఫిల్టరు మీదా మార్కరుతో తేదీ రాసి ఉండాలి, పాతది వాళ్ల చేతికే ఇచ్చి ఉండాలి. ఆ రోజు కొత్త రేటు పాత రేటు ప్రకారం కాకుండా ఆ కార్డు ప్రకారం చెప్పు. ఒక్క అర్జెంటు పిలుపు కూడా లేని ఇంటికి 200 తగ్గించు. ఐదారుసార్లు పిలిచిన ఇంటికి ఎందుకు పిలిచారో చూసి, కారణం నీళ్లయితే రేటు పెంచు. కారణం మెషీన్ ముసలిదవడమైతే, ఈ మెషీన్‌కి ఇంక కాంట్రాక్టు తీసుకోవద్దని వాళ్లకి నువ్వే చెప్పు.